పొలం గట్టున చెట్ల వరుస: పంట నష్టపోకుండా పెంచే పద్ధతి

గజపతినగరం వైపు ఉన్న మా రెండెకరాల మెట్ట పొలానికి దక్షిణపు గట్టున ఒకప్పుడు జామాయిల్ మొక్కలు వేశాం. మొక్కలు చవకగా దొరికాయి, గట్టు ఖాళీగా ఉంది, నాలుగేళ్ళలో కర్ర అమ్ముకోవచ్చని అనుకున్నాం. మూడో ఏడు ఆ గట్టు వెంట వేరుశనగ గుబురు కట్టలేదు. దాని వెనుక చల్లిన ఉలవలు మొలిచి, నాలుగాకులు వేసి, అక్కడే ఎండిపోయాయి. విత్తనం మంచిది కాదని మా నాన్న అన్నారు. చివరకు గట్టుకు ఇరవై రెండు అడుగుల దూరంలో అడుగున్నర లోతు గుంట తవ్వి చూస్తే, నాగలి తగిలే లోతుకు కాస్త కింద, చిటికెన వేలంత లావున్న ఎర్రటి వేళ్ళు రెండు అడ్డంగా పోతూ కనిపించాయి. గట్టున ఉన్న చెట్టు చేను మధ్యకు వచ్చి తాగుతోందన్న సంగతి అప్పుడు అర్థమైంది.

అందుకని ఈ వ్యాసంలో ఒక్క విషయం మీదే నిలుస్తాను: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఎర్ర మెట్ట భూముల్లో, గట్ల మీద చెట్లు వేసి, వాటి ఆకు, మేత, కర్ర తీసుకుంటూనే పంటను కాపాడుకోవడం ఎలాగన్నది. ఉదాహరణగా మా పొలాన్నే తీసుకుంటాను. అది తూర్పు పడమరలుగా 420 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 208 అడుగులు ఉంటుంది. ఉత్తరాన బండి దారి, దక్షిణాన, పడమరన ఇతరుల పొలాలు, తూర్పున గెడ్డ ఉన్నాయి. నేల పడమర నుంచి గెడ్డ వైపుకు వాలి ఉంటుంది. ఖరీఫ్‌లో వేరుశనగ, దాని తరువాత ఉలవలు వేస్తాం. కొట్టంలో రెండు ఆవులు ఉన్నాయి.

మొదటి అడుగు: నాలుగు వైపులనూ వేరువేరుగా చూడడం

గట్టు అంతా ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది పొరపాటు మొదలవుతుంది. నిజానికి నాలుగు గట్లకూ నీడ నాలుగు రకాలుగా పడుతుంది. మన జిల్లాలు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. జూన్ నెలలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన, కొద్దిగా ఉత్తరానికి జరిగి ఉంటాడు కాబట్టి 25 అడుగుల చెట్టు నీడ రెండున్నర అడుగులకు మించి దక్షిణానికి పోదు. డిసెంబరు వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలుతాడు. అదే చెట్టు నీడ మిట్ట మధ్యాహ్నం వేళ కూడా ఉత్తరానికి 22 అడుగులు పడుతుంది. ఉదయం, సాయంత్రం అది ఇంకా పొడవు.

దీనర్థం ఏమిటంటే, దక్షిణపు గట్టున ఎత్తైన చెట్లు వేస్తే ఖరీఫ్ పంటకు పెద్దగా తెలియకపోవచ్చు గాని, చలికాలపు పంట నెలల తరబడి నీడలోనే ఉంటుంది. మా జామాయిల్ చేసిన రెండో తప్పు ఇదే. ఉత్తరపు గట్టున వేస్తే చలికాలపు నీడ బయటకు పోతుంది. అయితే ఆ బయట ఎవరిదన్నది ముందు చూడాలి. దారో, చెరువు గట్టో అయితే ఇబ్బంది లేదు. పక్క రైతు చేను అయితే మన ఉత్తరపు గట్టు అతనికి దక్షిణపు గట్టు అవుతుంది; మనం తప్పించుకున్న నీడంతా అతని ఉలవల మీద, మినుముల మీద పడుతుంది. అలాంటి చోట ఎత్తైన చెట్టు వేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఊళ్ళో గట్టు తగాదాల్లో సగం ఇలా మొదలైనవే. తూర్పు, పడమర గట్ల మీది చెట్లు పూటకొక వైపు నీడ వేస్తాయి కాబట్టి వాటి భారం ఇద్దరికీ సగం సగం పడుతుంది.

నీడ చూశాక వాలు చూడాలి. వాన నీరు ఏ గట్టు వైపు వచ్చి ఆగుతుందో అక్కడ ఎర్రమట్టి కొట్టుకువచ్చి పేరుకుంటుంది. గండి పడేదీ అక్కడే. ఆ గట్టున దట్టమైన వేళ్ళున్న మొక్కలు ఉంటే మట్టి నిలుస్తుంది. తరువాత హద్దు రాయి చూడాలి. రీసర్వే రాళ్ళు పాతినచోట ఆ రాళ్ళను బట్టి, లేనిచోట పక్క రైతును పిలిచి తాడు పట్టుకుని, హద్దు గీత తేల్చుకున్నాకే గుంత తీయాలి. ఉమ్మడి గట్టయితే వరుసను హద్దుకు కనీసం మూడడుగులు మన వైపుకు జరపడం మంచిది. కరెంటు తీగల కింద ఎత్తు పెరిగేదేదీ వేయకూడదు. గెడ్డ పోరంబోకు మన గట్టు కాదు; అందులో నాటిన చెట్టు మీద మనకు హక్కు రాదు.

రెండో అడుగు: ఏ వైపు ఏ చెట్టు

గట్టు చెట్టుకు మూడు గుణాలు కావాలి. వేళ్ళు పక్కలకు కన్నా లోతుకు పోవాలి. కొమ్మలు కోసినా తిరిగి చిగురించాలి. పంటకు నీళ్ళు కరువైన నెలల్లో తాను విపరీతంగా తాగకూడదు. జామాయిల్ రెండోదానిలో నెగ్గి, మిగిలిన రెండింటిలో ఓడిపోతుంది. పంట భూమి గట్టున దానికి చోటు లేదు. సుబాబుల్ మేత ఇస్తుంది గాని కాయలు పండనిస్తే గింజలు రాలి చేనంతా కలుపై మొలుస్తుంది. పూత దశలోనే కోసే ఓపిక ఉన్నవారికే అది పనికివస్తుంది. పైగా దాని ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కనుక మేతలో మూడో వంతుకు మించనివ్వకూడదు.

మా పొలంలో ఇప్పుడున్న ఏర్పాటు ఇది. దక్షిణాన, పడమరన నడుము ఎత్తులో ఉంచే గ్లైరిసీడియా కంచె. ఉత్తరాన బండి దారి పక్కన ఒకే వరుస సరుగుడు. తూర్పున గెడ్డ వైపు తాటి, మధ్య మధ్య అవిసె.

తాటిని గురించి ఒక మాట చెప్పాలి. మన ప్రాంతపు గట్ల మీద అడవుల శాఖా, పథకాలూ రాకముందు నుంచీ ఉన్న చెట్టు అది. తల చిన్నది, నీడ ఒక చోట నిలవదు, నారవేరు కావడం వల్ల మర్రి రావిల్లాగా లావెక్కి చేనులోకి పాకదు, గాలికి నిలబడుతుంది. ముంజలు, తేగలు, ఆకు, దూలం అన్నీ ఇస్తుంది. కాకపోతే కాపుకు రావడానికి పన్నెండు పదిహేను ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కనుక ఆదాయం లెక్కలో దాన్ని వేసుకోకుండా, ఏటా నాలుగు టెంకలు పాతుతూ పోవడమే పద్ధతి. తాటి మొలక మొదట లోతుకు దిగి ఆ తరువాతే ఆకు వేస్తుంది కాబట్టి పీకి నాటితే బతకదు. టెంకను ఉండవలసిన చోటే పాతాలి.

అవిసె మొక్క ఆవులకూ మేకలకూ ప్రాణం. ఏడాదిలోనే మేత ఇస్తుంది. అయితే దానికి ఆయుష్షు తక్కువ, గాలికి విరుగుతుంది, మోకాలెత్తున నరికితే తిరిగి లేవదు. తల ఎత్తుకు పైన పక్క కొమ్మలను మాత్రమే కోసుకుంటూ, నాలుగైదేళ్ళకొకసారి కొత్త గింజలు వేసుకోవాలి.

మూడో అడుగు: నాటడం

గ్లైరిసీడియాను కొమ్మ ముక్కలతోనూ పెంచవచ్చు, గింజలతోనూ పెంచవచ్చు. కొమ్మ పాతడం సులువు కనుక అందరూ అదే చేస్తారు. చెరువు కింద తడి నేలలో అది సరిపోతుంది. మెట్ట ఎర్ర నేలలో మాత్రం గింజ మొక్కే వేయాలి. గింజ మొక్కకు తల్లివేరు నిలువునా దిగుతుంది. కొమ్మ ముక్కకు తల్లివేరు ఉండదు, దాని వేళ్ళన్నీ పైపొరలోనే, అంటే మన పంట వేళ్ళు ఉన్న చోటే పాకుతాయి. పోటీ సగం ఇక్కడే నిర్ణయమైపోతుంది. ఎర్ర నేలలో చెదలు ఎక్కువ కనుక పాతిన కొమ్మలకు మొదటి వేసవిలో చెద పట్టే బెడద కూడా ఉంది.

గింజలను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఏప్రిల్‌లో చిన్న పాలిథీన్ సంచుల్లో సంచికి రెండేసి చొప్పున వేయాలి. పది పన్నెండు వారాల్లో మొక్క అడుగున్నర ఎత్తు వస్తుంది. జులైలో రెండు మంచి వానలు పడి నేల జానెడు లోతున తడిశాక, గట్టు మీద అడుగు లోతు గుంతల్లో రెండేసి అడుగుల ఎడంతో నాటాలి. సంచి అడుగున చుట్టలు తిరిగిన వేరు కనిపిస్తే కత్తితో కత్తిరించి మరీ నాటాలి. చుట్ట తిరిగిన వేరు ఎన్నటికీ లోతుకు దిగదు. మా దక్షిణ, పడమర గట్లకు కలిపి 314 మొక్కలు పట్టాయి.

సరుగుడు మొక్కలను ఆరేసి అడుగుల ఎడంతో, హద్దుకు మూడడుగులు లోపలకు, 70 నాటాం. సరుగుడు వేళ్ళ మీద ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. సముద్ర తీరపు ఇసుక నేలల్లో పాత తోటలున్న చోట ఇది తనంతట వస్తుంది గాని, ఎప్పుడూ సరుగుడు ఎరగని లోపలి మెట్టల్లో రాకపోవచ్చు. అందుకని ఏదైనా పాత సరుగుడు తోటలో చెట్టు మొదలు దగ్గర తడి మట్టి తెచ్చి గుంతకు పిడికెడు వేసుకోవాలి. ఆరు నెలల తరువాత ఒక మొక్క పక్కన మట్టి తొలిచి చూస్తే వేళ్ళ మీద చిన్న పగడాల గుత్తిలాంటి బుడిపెలు కనిపించాలి.

మొదటి వేసవే గండం. కోతలయ్యాక పశువులను చేలలోకి వదిలేసే అలవాటు మనకుంది. గ్లైరిసీడియా వాసన పడక పశువులు మొదట ముట్టవు గాని అవిసెను మొదలంటా తినేస్తాయి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా తుమ్మ కంప చుట్టాల్సిందే.

నాలుగో అడుగు: కోత, ఆకు, మేత

గ్లైరిసీడియాను నాటిన ఏడాదికి మొదటిసారి కోయాలి. అంతకు ముందు కోస్తే వేరు బలపడదు. నేలకు రెండున్నర, మూడడుగుల ఎత్తున పదునైన కత్తితో ఏటవాలుగా నరకాలి. మొద్దు కత్తితో నరికితే మోడు చీలి కుళ్ళు పడుతుంది. ఆ తరువాత ఏడాదికి మూడు కోతలు సరిపోతాయి, మూడింటికీ కారణాలు వేరు.

జూన్ మొదట్లో, విత్తే దుక్కికి ముందు కోసిన ఆకును చేనులో పరచి కలియదున్నాలి. లేతకొమ్మ, ఆకు పది పదిహేను రోజుల్లోనే మెత్తబడిపోతాయి. చిటికెన వేలికన్నా లావున్న పుల్లలను వంట చెరకుకు తీసేయాలి, అవి దుక్కిలో ఉంటే చెదలను పిలుస్తాయి. రెండో కోత ఆగస్టులో. ఇది ముఖ్యంగా పంటకు వెలుతురు కోసం. ఆ ఆకును వేరుశనగ చాళ్ళ మధ్య పరిస్తే వాన దెబ్బకు మట్టి గట్టిపడకుండా ఉంటుంది. మూడోది అక్టోబరు చివర, నవంబరు మొదట్లో. ఈ కోత చాలామంది మానేస్తారు, అది మానకూడనిది. కోయని గ్లైరిసీడియా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆకు రాల్చి పూతకు పోతుంది, వేసవిలో మోడుగా కనిపిస్తుంది. నవంబరులో కోసిన మొక్క పూయకుండా కొత్త చిగురు వేసి, పచ్చిమేత దొరకని ఏప్రిల్, మే నెలల్లో ఆకుతో నిలుస్తుంది.

ఆ ఆకు విలువ ఎంత అన్నది నిజాయితీగా లెక్కవేసుకోవాలి. మూడో ఏటి నుంచి, బతికిన 300 మొక్కలకు మొక్కకు ఐదు కిలోల చొప్పున మాకు ఏడాదికి సుమారు 1,500 కిలోల పచ్చి ఆకు వస్తోంది. పచ్చి ఆకులో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. నత్రజని నూటికి 0.6, 0.7 కిలోల దగ్గర ఉంటుంది. అంటే మొత్తం ఆకును నేలకే వేసినా పది కిలోల నత్రజని, అంటే 45 కిలోల యూరియా సంచిలో సగం. రెండెకరాలకు ఇది చాలా తక్కువ. గట్టు మీది ఆకుతో ఎరువు ఖర్చు మొత్తం తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. దీన్ని చేనంతా పలచగా చల్లడం వృథా. మేము ఏటా అర ఎకరం చొప్పున, అన్నిటికన్నా పేలవంగా ఉన్న ముక్కను ఎంచుకుని అక్కడే దిమ్మరిస్తాం. నత్రజని కన్నా ఆ ముక్కలో నేల మెత్తబడడం, వాన వెలిసిన తరువాత పెంకు కట్టకపోవడం మాకు ఎక్కువ మేలనిపించింది. దున్నేటప్పుడు పెద్ద పెళ్ళలు లేవకుండా మట్టి చిట్లిపోతే ఆకు పని చేసిందని గుర్తు.

మేతగా దాని విలువ ఇంతకన్నా ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఆవుకు రోజుకు ఐదు కిలోల చొప్పున రెండు ఆవులకు పది కిలోలు పెడితే 500 కిలోల ఆకు యాభై రోజులు వస్తుంది. ఎండుగడ్డి మీదే బతికే పశువుకు మాంసకృత్తులు దొరికేది ఈ ఆకులోనే. పచ్చిగా పెడితే వాసనకు మూతి తిప్పుకుంటాయి. ఉదయం కోసి, నీడన పరచి, సాయంత్రానికి వాడాక పెట్టాలి. మొదటి వారం పిడికెడు పిడికెడుగా గడ్డిలో కలిపి అలవాటు చేయాలి, మొత్తం మేతలో నాలుగో వంతుకు మించకూడదు. గుర్రాలకు ఇది విషం, పెట్టకూడదు.

ఐదో అడుగు: పోటీని కనిపెట్టడం

గట్టు వార పంట పలచగా ఉంటే చెట్టే కారణమని వెంటనే అనుకోవద్దు. ట్రాక్టరు మలుపు తిరిగే చోట చక్రాలు తొక్కి నేల గట్టిపడుతుంది. చెట్టు లేని గట్టు పక్కన కూడా పంట అలాగే ఉంటుంది. కనుక ముందు చెట్లు లేని గట్టుతో పోల్చాలి.

కోత రోజున మూడడుగుల చదరపు చట్రం ఒకటి కర్రలతో కట్టి, చెట్ల వరుసకు 5, 10, 20, 60 అడుగుల దూరాల్లో ఆ చట్రంలో పడిన మొక్కలను పీకి కాయలు వేరువేరుగా తూచాలి. వరుస పొడవునా మూడు చోట్ల ఇలా చేస్తే చాలు. 60 అడుగుల దగ్గరి తూకం చెట్టు సోకని పంట కింద లెక్క. దానితో పోలిస్తే ఎక్కడి దాకా తూకం తగ్గిందో అక్కడి దాకా చెట్టు చెయ్యి చాచిందన్నమాట.

ఆ చెయ్యి నీడదా, వేరుదా అన్నది మొక్కను చూసి చెప్పవచ్చు. నీడలో పెరిగిన మొక్క సాగుతుంది; కణుపుల మధ్య ఎడం పెరిగి, కాడ బలహీనమై, ఆకు వెడల్పై పలచబడుతుంది. అక్కడ మంచు ఆలస్యంగా ఆరుతుంది కనుక ఆకుమచ్చ తెగులు ముందు అక్కడే కనిపిస్తుంది. వేరు పోటీకి గురైన మొక్క సాగదు, పొట్టిగా గిడసబారుతుంది. వాన వెనుదీసిన నాలుగో రోజు మధ్యాహ్నానికే వాడి సాయంత్రానికి తేరుకుంటుంది, చేను మధ్యలో మొక్కలు మాత్రం నిలబడే ఉంటాయి. నీడ అయితే కొమ్మ కోయాలి, వేరు అయితే వేరు కోయాలి. ఒకదానికి ఇంకొకటి మందు కాదు. మా మెట్టల్లో, నేల లోతు తక్కువైన చోట, నేను చూసినంతలో వేరు దెబ్బే ఎక్కువ.

ఆరో అడుగు: వేరును లోతుకు మళ్ళించడం

చెట్టు పెద్దదయ్యాక కందకం తవ్వడం అందరూ చెప్పే ఉపాయం. వరుసకు నాలుగైదు అడుగుల దూరంలో అడుగు వెడల్పు, రెండడుగుల లోతు కందకం తీస్తే పైవేళ్ళు తెగుతాయి, ఆ ఏడు పంట కళ్ళకు కట్టినట్టు మెరుగవుతుంది. అయితే 420 అడుగుల గట్టుకు మనుషులతో తవ్విస్తే పది మంది కూలీల పని. రెండేళ్ళకు వేళ్ళు మళ్ళీ వస్తాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, నాలుగేళ్ళు నిండిన చెట్టుకు ఒక వైపు లావు వేళ్ళు ఒక్కసారిగా నరికితే అది ఆ ఏటి తుఫానుకే ఒరిగిపోవచ్చు.

దానికి బదులు మొదటి ఏడాది నుంచే వేసవి దుక్కిలో వరుసకు నాలుగైదు అడుగుల దూరంలో రెక్క నాగలిని తొమ్మిది, పది అంగుళాల లోతున పోనూ రానూ ఒక్కసారి పట్టించాలి. అప్పటికి వేళ్ళు దారపు పోగుల్లా ఉంటాయి కనుక తెగినా చెట్టుకు బాధ ఉండదు. ఏటా తెగే దారిని వదిలి వేరు కిందికి దిగుతుంది. మే నెల వానకు నేల పదునైనప్పుడే ఇది చేయాలి. వానాకాలం మధ్యలో వేరు కోస్తే అక్టోబరు గాలుల నాటికి చెట్టు కుదుటపడదు. రెండు వైపులా ఎప్పుడూ కోయకూడదు. దారి వైపు వేళ్ళే చెట్టును పట్టి ఉంచుతాయి.

సరుగుడుకు రెండో ఏటి నుంచి కింది కొమ్మలు తీయాలి. చెట్టు ఎత్తులో కింది మూడో వంతు వరకు తీస్తే నీడ పలచబడుతుంది, కర్ర నిటారుగా వస్తుంది. సగానికి మించి తీస్తే లావు కట్టడం ఆగిపోతుంది. రాలిన సరుగుడు ఆకు త్వరగా కుళ్ళదు. దాన్ని చేనులోకి కాకుండా పొయ్యికి వాడుకోవడమే మంచిది.

ఏడో అడుగు: రూపాయి లెక్క

ఉత్తరపు వరుసకు 20 అడుగుల మేర పంట దెబ్బ తింటుందనుకుంటే 420 అడుగుల పొడవున 19 సెంట్లు అవుతుంది. ఎకరాకు ఎనిమిది క్వింటాళ్ళ వేరుశనగ పండే నేలలో ఆ 19 సెంట్ల వాటా క్వింటాలున్నర. ఏమీ పట్టించుకోకుండా వదిలేస్తే మొదటి ఏడు నష్టం లేకపోయినా, రెండో ఏడు పదో వంతు, మూడో ఏడు నాలుగో వంతు, నాలుగో ఏడు మూడో వంతుకు కాస్త పైన తగ్గిందని వేసుకుందాం. నాలుగేళ్ళకు కలిపి క్వింటాలుకు పైచిలుకు. లెక్క కోసం క్వింటా 6,500 రూపాయలు అనుకుంటే నష్టం 6,800.

కర్ర వైపు చూస్తే, 70లో 60 చెట్లు దక్కి, చెట్టుకు 30 కిలోల చొప్పున 1.8 టన్నులు వస్తే, టన్నుకు 6,000 చొప్పున 10,800. మొక్కలకు, గుంతలకు 1,000 పోయాయి. చేతికి 10,800 వచ్చినట్టు కనిపించినా అసలు మిగిలింది 3,000. అదే ఏటా రెక్క నాగలి పట్టించి, కొమ్మలు కోసి నష్టాన్ని సగానికి తగ్గిస్తే, మూడు వేసవుల దుక్కి ఖర్చు 1,500 పోను 4,900 మిగులుతుంది. మీ ఊరి ధరలు, మీ చట్రపు తూకాలు వేసుకుని ఇదే లెక్క మళ్ళీ చేయండి.

అమ్ముకున్న రోజున కనిపించే డబ్బు, నాలుగేళ్ళు కొద్దికొద్దిగా తగ్గిన కాయలు మన కళ్ళకు సమానంగా కనిపించవు. అందుకే కర్ర కోసమే గట్టున చెట్లు వేయమని నేను ఎవరికీ చెప్పను. గట్టు చెట్లలో నిలకడైన లాభం నడుము ఎత్తు కంచె ఇచ్చే వేసవి మేతలో, వాలు గట్టు తెగకుండా నిలవడంలో ఉంది. ఎత్తైన వరుస ఒక్క వైపున, అదీ నీడ ఎవరికీ తగలని వైపున ఉంటే చాలు.

తుఫాను నెల, నరికే ఏడు

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. ఉద్దానంలో తిత్లీకి కొబ్బరి, జీడి చెట్లు ఎలా కూలాయో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. సెప్టెంబరు చివరికి అవిసె, సరుగుడు కొమ్మలను పలచన చేస్తే గాలి వాటి మధ్యగా పోతుంది. కొన నరకవద్దు, నరికితే సరుగుడు కర్ర విలువ పోతుంది. ఒరిగిన లేత చెట్టును రెండు మూడు రోజుల్లో, నేల తడిగా ఉండగానే ఎత్తి కర్ర కట్టి మట్టి ఎగదోస్తే బతుకుతుంది. వారం దాటితే వేరు ఆరిపోతుంది.

గట్టున టేకు వంటి కలప చెట్లు ఉంటే వాటిని నరకడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి, రవాణా పర్మిట్ కావాలి. ఏ జాతికి ఏ కాగితం కావాలో నరికే రోజున కాదు, నాటడానికి ముందే రేంజి కార్యాలయంలో అడగాలి. నాటిన ఏడు, సర్వే నంబరు, చెట్ల సంఖ్య రాసి, గట్టు ఫొటో ఒకటి ఉంచుకుంటే అప్పుడు మాట పడనక్కరలేదు.

సరుగుడును వేసవిలో, దుక్కికి ముందు, నేల మట్టానికి నరకాలి. అది మోడు నుంచి మళ్ళీ చక్కగా లేవదు కనుక కొత్త మొక్కలను పాత మోళ్ళ మధ్య ఖాళీల్లో, జులైలో వేయాలి. చెట్లు తీసిన ఆ ఏడు గట్టు వార 20 అడుగుల్లో వేరుశనగ బాగా వస్తుంది. అప్పుడు మళ్ళీ చట్రం వేసి తూచి, కొత్త వరుసకు పోల్చుకునే తూకంగా ఆ అంకెను పుస్తకంలో రాసి పెట్టుకోండి.